మార్కులు రాకముందే తేల్చుకోవాల్సిన లెక్క

తొమ్మిదో తరగతిలో పదహారు మంది పిల్లలున్నారనుకోండి. చీటీలు తీసి వాళ్లను ఎనిమిది మంది చొప్పున రెండు జట్లుగా విడగొట్టారు. మొదటి జట్టుకు సమీకరణాల పాఠాన్ని కొత్త పద్ధతిలో చెప్పారు, రెండో జట్టుకు ఎప్పటిలాగే చెప్పారు. చివర్లో ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం, 50 మార్కులకు. కొత్త పద్ధతి జట్టుకు వచ్చిన మార్కులు ఇవి: 4, 33, 35, 36, 38, 39, 41, 42. పాత పద్ధతి జట్టువి: 22, 24, 26, 27, 29, 30, 32, 34. లెక్క కాగితం మీద చేసుకోవడానికి వీలుగా ఈ అంకెలను ఊహించి రాశాను. కానీ ఎం.ఎడ్. సిద్ధాంత వ్యాసాల్లోనూ, బడుల్లో జరిగే చిన్న ప్రయోగాల్లోనూ ఇలాంటి జాబితాలు తరచూ కనిపిస్తాయి. అంతా బాగానే ఉండి, ఒక్క అంకె మాత్రం ఎక్కడో దూరంగా పడి ఉంటుంది.

ఈ జాబితాను టీ-టెస్ట్‌కు ఇస్తే పి-విలువ 0.26 వస్తుంది. అంటే, రెండు జట్ల మధ్య తేడా ఉందనడానికి సరిపడా ఆధారం లేదు. ఇదే జాబితాను మాన్-విట్నీ పరీక్షకు ఇస్తే పి-విలువ 0.015 వస్తుంది. వాడుకలో ఉన్న 0.05 గీత కంటే ఇది బాగా కింద ఉంది, కాబట్టి తేడా ఉన్నట్టే. పిల్లలూ మార్కులూ మారలేదు, తీర్పు మాత్రం తిరగబడింది. ఇప్పుడు పరిశోధకుడు దేన్ని నమ్మాలి?

మార్కులు చూశాక ఈ ప్రశ్న వేసుకుంటే నిజాయితీగా జవాబు చెప్పడం దాదాపు అసాధ్యం. కొత్త పద్ధతి మీద మమకారం ఉన్నవాళ్లకు రెండో పరీక్షే శాస్త్రీయంగా కనిపిస్తుంది. దాన్ని ఇష్టపడనివాళ్లకు మొదటిది కనిపిస్తుంది. ఇద్దరి దగ్గరా పాఠ్యపుస్తకం నుంచి తెచ్చిన కారణం ఒకటి ఉంటుంది. అందుకే ఈ ఎంపికను పరీక్ష పెట్టకముందే కాగితం మీద రాసుకుంటారు. దాన్నే విశ్లేషణ ప్రణాళిక అంటారు. అందులో ఏం రాయాలో తెలియాలంటే, ఈ రెండు పరీక్షలూ అసలు ఏం కొలుస్తాయో ముందు చూడాలి.

సగటును తూచే పరీక్ష

టీ-టెస్ట్ పుట్టింది ఒక బీరు కంపెనీలో. విలియం సీలీ గోసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ సంస్థలో పనిచేసేవాడు. బార్లీ, హాప్స్ నాణ్యతను నాలుగైదు నమూనాలతోనే అంచనా వేయాల్సి వచ్చేది. అంత తక్కువ కొలతలతో తీసిన సగటును ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఆయన ప్రశ్న. జవాబును 1908లో బయోమెట్రికా పత్రికలో ప్రచురించాడు. ఉద్యోగులు సొంత పేర్లతో రాయడానికి కంపెనీ ఒప్పుకోదు కాబట్టి ‘స్టూడెంట్’ అనే మారుపేరు పెట్టుకున్నాడు. అలా అది స్టూడెంట్ టీ-టెస్ట్ అయింది. విద్యార్థులతో దానికి పుట్టుకతో వచ్చిన సంబంధమేమీ లేదు.

దాని లెక్క సూటిగా ఉంటుంది. రెండు సగటుల మధ్య తేడాను పైన వేస్తాం. ఆ తేడా కేవలం యాదృచ్ఛికంగా ఎంత ఊగిసలాడగలదో అంచనా వేసి కింద వేస్తాం. పైదాన్ని కిందిదానితో భాగిస్తే వచ్చేదే టీ విలువ. మన ఉదాహరణలో కొత్త జట్టు సగటు 33.5, పాత జట్టు సగటు 28. తేడా 5.5 మార్కులు. ఊగిసలాట అంచనాను ప్రామాణిక దోషం అంటారు. అది ఇక్కడ సుమారు 4.6 వస్తుంది. 5.5ను 4.6తో భాగిస్తే 1.2. ఇంత చిన్న జట్లలో ఆ మాత్రం తేడా ఏ పద్ధతి ప్రభావమూ లేకపోయినా చీటీల అదృష్టం వల్లే రావచ్చు.

ఇక్కడ ఆ 4 మార్కుల పిల్లవాడు ఏం చేశాడో గమనించాలి. అతన్ని పక్కన పెడితే మిగతా ఏడుగురి సగటు 37.7. అతను చేరగానే అది 33.5కు పడిపోయింది. అంతటితో అయిపోలేదు. మార్కుల చెదురుదలను కొలిచే ప్రామాణిక విచలనం ఏడుగురికి 3.3 మాత్రమే, అతనితో కలిపితే 12.3. అంటే ఒకే అంకె భిన్నంలో పైభాగాన్ని తగ్గించింది, కిందిభాగాన్ని పెంచింది. ఆ ఒక్కడిని జాబితా నుంచి తీసేస్తే టీ విలువ 5 దాటుతుంది, పి-విలువ 0.001 కంటే దిగువకు వెళ్తుంది. ఒక పేరు కొట్టేస్తే తీర్పు తారుమారవుతుందన్నమాట. ఎవరిని లెక్కలోంచి తీసేయవచ్చు, ఎవరిని తీసేయకూడదు అన్న నియమం ప్రణాళికలో ముందే ఎందుకు ఉండాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

వరసను చూసే పరీక్ష

రెండో దారి మార్కులను వదిలేసి వరసను పట్టుకుంటుంది. ఫ్రాంక్ విల్కాక్సన్ అమెరికాలో రసాయన శాస్త్రవేత్త. కొలతలను చిన్న నుంచి పెద్దకు పేర్చి, వాటి ర్యాంకులతోనే రెండు జట్లను పోల్చే పద్ధతిని 1945లో ప్రచురించాడు. 1947లో హెన్రీ మాన్, డొనాల్డ్ విట్నీ దాన్ని వేర్వేరు పరిమాణాల జట్లకు విస్తరించారు. అందుకే కొన్ని పుస్తకాల్లో దాని పేరు విల్కాక్సన్ ర్యాంకుల మొత్తం పరీక్ష, మరికొన్నిటిలో మాన్-విట్నీ యు పరీక్ష. రెండూ ఒకటే.

దాన్ని అర్థం చేసుకోవడానికి ర్యాంకుల కంటే జతల దారి సులువు. కొత్త జట్టులోని ప్రతి ఒక్కరినీ పాత జట్టులోని ప్రతి ఒక్కరితో పోటీకి నిలబెట్టండి. ఎనిమిదిని ఎనిమిదితో గుణిస్తే 64 పోటీలు. 4 మార్కుల పిల్లవాడు ఒక్క పోటీ కూడా గెలవడు. 33 మార్కులవాడు ఏడు గెలుస్తాడు, 34 వచ్చినవాడి చేతిలో ఓడిపోతాడు. 35, ఆపైన వచ్చిన ఆరుగురూ ఎనిమిదేసి గెలుస్తారు. మొత్తం 55. అంటే 64లో 55 పోటీలు కొత్త జట్టువి. కొత్త జట్టులోంచి ఒకరిని, పాత జట్టులోంచి ఒకరిని కళ్లు మూసుకుని పిలిస్తే, కొత్త జట్టు పిల్లవాడికి ఎక్కువ మార్కులు ఉండే అవకాశం 86 శాతం.

ఇది అదృష్టం వల్ల రావచ్చా? పదహారు మార్కుల చీటీలను కలిపేసి ఎనిమిదేసి చొప్పున పంచడానికి సరిగ్గా 12,870 మార్గాలున్నాయి. పద్ధతి ప్రభావం ఏమీ లేకపోతే వాటిలో ప్రతి ఒక్కటీ సమానంగా జరగదగ్గదే. వాటిలో కొత్త జట్టు 55 గానీ అంతకంటే ఎక్కువ గానీ పోటీలు గెలిచే పంపకాలు 95. పాత జట్టు అంతే ఏకపక్షంగా గెలిచేవి మరో 95. మొత్తం 190ని 12,870తో భాగిస్తే 0.0148. మనం 0.015గా రాసుకున్న పి-విలువ ఇదే. అది ‘కొత్త పద్ధతి పనిచేయకపోవడానికి ఉన్న అవకాశం’ కాదు. పద్ధతికి ప్రభావమే లేదని అనుకుంటే, ఇంత ఏకపక్షమైన పంపకం ఎంత అరుదో చెప్పే అంకె మాత్రమే.

ఈ పరీక్షకు 4 మార్కుల పిల్లవాడు చివరి ర్యాంకువాడు, అంతే. అతనికి 4 వచ్చినా 21 వచ్చినా ఫలితం ఒక్క వెంట్రుకవాసి కూడా మారదు. దీని బలం ఇదే, లోపం కూడా ఇదే. ఒక విపరీతమైన అంకె లెక్కను మింగేయకుండా ఇది కాపాడుతుంది. కానీ ఒక విద్యార్థి ఎంత లోతుకు పడిపోయాడన్న సంగతి దీనికి కనిపించదు.

ఏ ప్రశ్నకు జవాబు కావాలి

కాబట్టి ఆ రెండు పి-విలువలు ఒకదాన్నొకటి ఖండించడం లేదు. వాటి ప్రశ్నలే వేరు. టీ-టెస్ట్ అడిగేది: సగటున ఎన్ని మార్కులు పెరిగాయి? మాన్-విట్నీ అడిగేది: కొత్త జట్టు పిల్లవాడు పాత జట్టు పిల్లవాడి కంటే ముందుండే అవకాశం సగం కంటే ఎక్కువా?

మాన్-విట్నీని మధ్యగతాలను పోల్చే పరీక్ష అని చాలా నోట్సుల్లో రాస్తారు. మార్కుల్ని పేర్చినప్పుడు నట్టనడుమ ఉండే అంకె మధ్యగతం. మన ఉదాహరణలో అవి 37, 28. రెండు జట్ల మార్కుల పంపిణీ ఒకే ఆకారంలో ఉండి, ఒకటి మరోదాని నుంచి పక్కకు జరిగినట్టు మాత్రమే ఉంటే ఆ మాట నిజం. ఆకారాలు వేరైతే రెండు మధ్యగతాలూ సమానంగా ఉన్నా పరీక్ష తేడా చూపగలదు. నాన్‌పారామెట్రిక్ అన్నంత మాత్రాన షరతులేవీ లేవని కాదు. మార్కులు ఫలానా గంట ఆకారంలో ఉండాలన్న షరతు లేదని మాత్రమే.

ప్రశ్నను ఎంచుకునేది పరిశోధకుడి అవసరం. ఒక జిల్లా అధికారి కొత్త పద్ధతిని అన్ని బడుల్లో పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుంటే ఆయనకు కావలసింది సగటు. మొత్తం మీద ఎంత లాభమో అందులో ఉంటుంది. కొందరు పిల్లలు దారుణంగా వెనకబడితే అది కూడా సగటులో కనిపించి తీరుతుంది. అక్కడ టీ-టెస్ట్ సరైనది. కొలత గ్రేడ్ల రూపంలో ఉంటే సంగతి వేరు. ఏ1, ఏ2, బి1 వంటి గ్రేడ్లకు వరస ఉంది గానీ, ఏ1కూ ఏ2కూ మధ్య దూరం, బి1కూ బి2కూ మధ్య దూరం సమానమని ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట సగటుకు అర్థం ఉండదు, ర్యాంకుల పరీక్షే సహజం. ‘బాగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అసలు ఒప్పుకోను’ వరకు ఉండే ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబులదీ ఇదే కథ.

గంట ఆకారాన్ని వెతికే అలవాటు

మన సిద్ధాంత వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే దారి ఇది కాదు. మార్కులు చేతికి రాగానే షపీరో-విల్క్ లాంటి నార్మాలిటీ పరీక్ష నడుపుతారు. పాసైతే టీ-టెస్ట్, ఫెయిలైతే మాన్-విట్నీ. చూడటానికి క్రమశిక్షణగానే ఉంటుంది. కానీ ఇందులో మూడు చిక్కులున్నాయి.

మొదటిది, నార్మాలిటీ పరీక్ష అవసరమైన చోట గుడ్డిది, అవసరం లేని చోట చూపు మరీ ఎక్కువ. ఎనిమిదీ పది మంది జట్టులో మార్కులు బాగా వంకరగా ఉన్నా అది తరచూ పట్టుకోలేదు. వందలాది విద్యార్థులున్నప్పుడు పట్టించుకోనక్కర్లేని చిన్న వంకరను కూడా పట్టేస్తుంది. మార్కులు పూర్ణాంకాలు, పైన 50 దగ్గర, కింద సున్నా దగ్గర ఆగిపోతాయి. ఏ తరగతి మార్కులూ నిక్కచ్చిగా గంట ఆకారంలో ఉండవు. కాబట్టి ‘నార్మలా కాదా’ అన్న ప్రశ్నకు జవాబు ముందే తెలుసు.

రెండోది, టీ-టెస్ట్‌కు కావలసింది మార్కులు గంట ఆకారంలో ఉండటం కాదు, సగటు ఊగిసలాట దాదాపు ఆ ఆకారంలో ఉండటం. జట్టు పెద్దదవుతున్న కొద్దీ మార్కులు కొంత వంకరగా ఉన్నా సగటు ఆ ఆకారానికి దగ్గరవుతుంది. ముప్పై అనే అంకెను పుస్తకాలు గీతలా చెబుతాయి. అది కేవలం ఒక ఆనవాయితీ. ఒక మోస్తరు వంకరకు ముప్పై కంటే తక్కువే సరిపోతుంది. ఒక్క అంకె మన 4లా విడిగా పడిపోయే చోట ముప్పై కూడా చాలకపోవచ్చు.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఆ దారి ప్రశ్ననే మార్చేస్తుంది. సగటు గురించి తెలుసుకుందామని బయలుదేరిన పరిశోధకుడు, మధ్యలో ఒక యంత్రం ‘ఫెయిల్’ అంటే వరస గురించి జవాబు పట్టుకుని తిరిగి వస్తాడు. పైగా చివరి పరీక్షను ఏదో ఒక దారిలో ఎంచుకోవడానికి అవే మార్కులను వాడుకున్నాడు కాబట్టి, చివర వచ్చిన పి-విలువ తన పేరు మీద రాసిన హామీని పూర్తిగా నిలబెట్టుకోదు.

మరి గంట ఆకారం గురించి ఆదుర్దా పడకుండా ఏం చేయాలి? రెండు మాటలు. టీ-టెస్ట్ చేసేటప్పుడు పాత పద్ధతి కాకుండా వెల్చ్ పద్ధతిని వాడాలి. గోసెట్ నుంచి వచ్చిన రూపం రెండు జట్ల చెదురుదల సమానమని అనుకుంటుంది. జట్ల పరిమాణాలు వేరుగా ఉండి, చిన్న జట్టులో చెదురుదల ఎక్కువగా ఉంటే ఆ రూపం లేని తేడాను ఉన్నట్టు తరచూ చూపుతుంది. బి. ఎల్. వెల్చ్ 1947లో ప్రచురించిన రూపానికి ఆ ఊహ అక్కర్లేదు. చెదురుదలలు నిజంగా సమానమైనా దానితో నష్టం చాలా స్వల్పం. రెండో మాట, ర్యాంకుల పరీక్ష ఎంచుకుంటే దాని ఖరీదు ఎంతో తెలుసుకోవాలి. మార్కులు అచ్చం గంట ఆకారంలోనే ఉన్నా, పెద్ద జట్లలో మాన్-విట్నీ సామర్థ్యం టీ-టెస్ట్‌లో 95 శాతం ఉంటుంది. అంటే టీ-టెస్ట్ 95 మందితో పట్టుకునే తేడాకు దీనికి సుమారు వంద మంది కావాలి. మార్కులు పొడవైన తోకలతో ఉంటే ఇదే దాన్ని మించిపోతుంది. కాబట్టి నష్టభయంతో ఏదో ఒకదాన్ని ఎంచుకోనక్కర్లేదు, ప్రశ్నను బట్టి ఎంచుకోవచ్చు.

ప్రణాళికలో ఉండాల్సిన వాక్యాలు

మన తొమ్మిదో తరగతి ప్రయోగానికి ప్రణాళిక రాయాల్సి వస్తే అది ఒక పేజీకి మించదు. మొదట ప్రశ్న: కొత్త పద్ధతి జట్టు సగటు మార్కులు పాత పద్ధతి జట్టు కంటే వేరుగా ఉన్నాయా? వేరుగా అంటే ఎటువైపైనా. కొత్త పద్ధతి చెడు చేసే అవకాశం కూడా ఉంది కాబట్టి రెండువైపుల పరీక్ష. తర్వాత ప్రధాన పరీక్ష: వెల్చ్ టీ-టెస్ట్, గీత 0.05. దాని వెంట సగటుల తేడాకు 95 శాతం విశ్వాస అవధి. ఆపైన సహాయక పరీక్ష: మాన్-విట్నీ, గెలిచిన పోటీల శాతంతో సహా. రెండూ ఏ ఫలితం వచ్చినా నివేదిస్తామని, తీర్పు మాత్రం ప్రధాన పరీక్షదేనని ఒక వాక్యం.

ఆ తర్వాత అందరూ మరిచిపోయే వాక్యం: ఎవరిని తీసేస్తాం? పరీక్ష రోజు రానివాళ్లకు మార్కే లేదు కాబట్టి వాళ్లు లెక్కలోకి రారు, కానీ ఏ జట్టులో ఎంతమంది రాలేదో రాయాలి. హాల్లో కూర్చుని పేపరు ఇచ్చిన ప్రతి ఒక్కరూ లెక్కలో ఉంటారు, మార్కు ఎంత తక్కువైనా. మార్కుల ఎంట్రీలో తప్పు జరిగిందని అనుమానం వస్తే జవాబుపత్రం చూసి సరిదిద్దాలి. ఆ తనిఖీ రెండు జట్లకూ, పెద్ద మార్కులకూ చిన్న మార్కులకూ ఒకేలా జరగాలి. 40 పడాల్సిన చోట సున్నా వదిలేసి 4 పడటం ఎంట్రీలో అరుదేమీ కాదు. అలా జరిగి ఉంటే దాన్ని దిద్దాలి. జరగలేదని జవాబుపత్రం చెబితే ఆ 4 అక్కడే ఉంటుంది.

చివరగా ఎంతమంది కావాలన్న లెక్క. ఇలాంటి పరీక్షల్లో మార్కుల ప్రామాణిక విచలనం 10 ఉంటుందని, 5 మార్కుల తేడా అయితేనే పద్ధతి మార్చడం విలువైనదని అనుకుందాం. అంతటి నిజమైన తేడా ఉంటే అయిదింట నాలుగుసార్లయినా పట్టుకోవాలంటే ఒక్కో జట్టులో 64 మంది కావాలి. విచలనంలో 0.8 వంతు ఉండే పెద్ద తేడాకైతే 26 మంది చాలు. ఎనిమిది మందితో ఇంకా చాలా పెద్ద తేడాలు మాత్రమే దొరుకుతాయి. ఈ లెక్క ముందే వేసి ఉంటే మన ప్రయోగాన్ని ఇంకో రెండు మూడు బడులతో కలిసి చేయాల్సిందని అప్పుడే తెలిసేది.

అంకెల పని కంప్యూటర్‌లో క్షణాల్లో అయిపోతుంది. ఉచితంగా దొరికే ఆర్ భాషలో మన ఉదాహరణ ఇంతే:

```r
kotta <- c(4, 33, 35, 36, 38, 39, 41, 42)
paata <- c(22, 24, 26, 27, 29, 30, 32, 34)
t.test(kotta, paata)
wilcox.test(kotta, paata)
```

ఆర్‌లో `t.test` తనంతట తానే వెల్చ్ రూపాన్ని వాడుతుంది. ఎక్సెల్‌లో అయితే `T.TEST`లో చివరి అంకెను 3గా ఇవ్వాలి. ఎస్.పి.ఎస్.ఎస్. ఫలితాల పట్టికలో రెండు వరసలు వస్తాయి, రెండోది వెల్చ్‌ది. నిజమైన తరగతిలో ఒకే మార్కు ఇద్దరు ముగ్గురికి వస్తుంది. అప్పుడు మాన్-విట్నీలో వాళ్లందరికీ సగటు ర్యాంకు ఇస్తారు. సమానమైన పోటీని సగం గెలుపుగా లెక్కిస్తారు. సాఫ్ట్‌వేర్ దాన్ని తానే చూసుకుంటుంది.

పిల్లలు వేర్వేరు అయినప్పుడే ఈ జత పరీక్షలు పనికొస్తాయి. అదే పిల్లలకు పాఠానికి ముందూ తర్వాతా పరీక్ష పెట్టి పోల్చితే, ఒక పిల్లవాడి రెండు మార్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అక్కడ జతల టీ-టెస్ట్ గానీ, దానికి ర్యాంకుల ప్రత్యామ్నాయమైన విల్కాక్సన్ సైన్డ్-ర్యాంక్ పరీక్ష గానీ వాడాలి. విల్కాక్సన్ పేరు రెండు పరీక్షలకూ ఉండటం వల్ల ఇక్కడ పొరపాట్లు ఎక్కువ.

ఏ పరీక్షా సరిదిద్దలేనివి

టీ-టెస్టా మాన్-విట్నీయా అని తర్జనభర్జన పడుతూ పరిశోధకులు చూడకుండా దాటేసేది ఒకటుంది. పిల్లలు జట్లలోకి ఎలా వచ్చారు?

దీనికి గోసెట్ స్వయంగా ఒక పాఠం చెప్పాడు. 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో సుమారు 20,000 మంది బడిపిల్లల మీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది. పదివేల మందికి నాలుగు నెలలపాటు రోజూ పాలు ఇచ్చారు, పదివేల మందికి ఇవ్వలేదు. ఎత్తు, బరువు ఎంత పెరిగాయో చూశారు. పిల్లలను లాటరీతోనో అక్షర క్రమంలోనో ఎంపిక చేశారు. కానీ ఏదైనా జట్టులో బాగా తిండి ఉన్న పిల్లలో, బక్క పిల్లలో ఎక్కువైనట్టు కనిపిస్తే మార్చుకోవడానికి ఉపాధ్యాయులకు వీలిచ్చారు. ఫలితం చూస్తే, మొదటి రోజే పాలు తాగని జట్టు పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ ముందున్నారు. బహుశా పేదపిల్లలకు పాలు దక్కాలన్న దయతో మార్పిడి జరిగి ఉంటుందని గోసెట్ 1931లో రాశాడు. ఇరవైవేల మంది ఉన్నా, ఏ లెక్కా ఆ మొగ్గును పూర్తిగా కడిగేయలేదు. యాభై జతల ఒకే పోలిక కవల పిల్లలతో చేసి ఉంటే ఇంతకంటే నమ్మకమైన ఫలితం, చాలా తక్కువ ఖర్చుతో వచ్చేదని ఆయన వాదన.

మన బడుల్లో ఈ సమస్య మరో రూపంలో వస్తుంది. ఏ సెక్షన్‌కు కొత్త పద్ధతి, బి సెక్షన్‌కు పాత పద్ధతి అంటారు. ఏ సెక్షన్‌లో నలభై మంది, బి సెక్షన్‌లో నలభై మంది ఉన్నా, నిజానికి అక్కడున్నది ఒక తరగతి, మరో తరగతి. ఉపాధ్యాయుడు వేరు, పాఠం జరిగే పీరియడ్ వేరు, బాగా చదివేవాళ్లను ఏ సెక్షన్‌లో వేసే ఆనవాయితీ ఉంటే పిల్లలే వేరు. ఒక సెక్షన్ పిల్లల మార్కులు ఒకే ఉపాధ్యాయుడి నీడలో కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. ఎనభై మందిని ఎనభై విడి సాక్షులుగా లెక్కించడమే టీ-టెస్ట్ చేసే పని, మాన్-విట్నీ చేసేదీ అదే. ఈ తప్పును రెండూ సరిదిద్దలేవు. పి-విలువ అబద్ధంగా చిన్నదై వస్తుంది.

దీన్ని పద్ధతిగా చేసిన ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. ఉపాధ్యాయులకు విద్యార్థుల మార్కుల ఆధారంగా బోనస్ ఇస్తే చదువు మెరుగవుతుందా అని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు లాటరీ వేసింది పిల్లలకు కాదు, బడులకు. బోనస్ బడులూ మామూలు బడులూ కలిపి 300. ఒకే బడి పిల్లల మార్కులు కలిసి ఊగుతాయన్న సంగతిని విశ్లేషణలో లెక్కలోకి తీసుకున్నారు. రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. మార్కుల్లో కాకుండా విచలనాల్లో చెప్పడం వల్ల, 50 మార్కుల పేపరు ఫలితాన్ని 100 మార్కుల పేపరు ఫలితం పక్కన పెట్టి చూడవచ్చు. ఈ మాత్రం తేడాను ఒక బడిలోని రెండు సెక్షన్ల ప్రయోగం ఎప్పటికీ పట్టుకోలేదు.

ప్రశ్నపత్రం కూడా ముందే ఫలితాన్ని పాడుచేయగలదు. పేపరు మరీ సులువైతే రెండు జట్లలోనూ సగం మంది 48, 49, 50 దగ్గర గుమిగూడతారు. కొత్త పద్ధతితో బాగా నేర్చుకున్నవాడికి ఆ తేడా చూపించడానికి పైన మార్కులే మిగలవు. గీసిన పటంలో కుడి అంచున నిలువు గోడలా గుంపు కనిపిస్తే అదే దాని ఆనవాలు. ఆ స్థితిలో టీ-టెస్ట్ బదులు ర్యాంకుల పరీక్ష వాడటం పరిష్కారం కాదు. కొలబద్దే పొట్టిదైంది. ప్రయోగానికి ముందు వేరే పిల్లల మీద ఒకసారి పేపరు పరీక్షించుకోవడమే మందు.

నివేదిక ఎలా రాయాలి

మన పదహారు మంది దగ్గరకు వస్తే, ప్రణాళికలో ప్రధాన పరీక్ష వెల్చ్ టీ-టెస్ట్ అని రాసి పెట్టుకున్నాం. కాబట్టి ఫలితం ఇలా ఉండాలి: కొత్త జట్టు సగటు 33.5, పాత జట్టు సగటు 28. తేడా 5.5 మార్కులు. 95 శాతం విశ్వాస అవధి సుమారు మైనస్ 5 నుంచి ప్లస్ 16 వరకు. పి-విలువ 0.26. ఈ పరిమాణంలో సగటు పెరిగిందని చెప్పలేం. ‘తేడా లేదు’ అని కూడా రాయకూడదు. ఆ అవధిలో 5 మార్కుల నష్టానికీ 16 మార్కుల లాభానికీ రెండింటికీ చోటుంది. తెలియలేదన్నదే సరైన మాట.

దాని కిందే సహాయక పరీక్ష ఫలితం: 64 పోటీల్లో 55 కొత్త జట్టువి, అంటే 86 శాతం, పి-విలువ 0.015. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన చదివిన పాఠకుడికి అసలు కథ తానే తెలుస్తుంది. కొత్త పద్ధతిలో చదివిన ఏడుగురు పాత పద్ధతి పిల్లల్లో దాదాపు అందరినీ దాటారు, ఒక్కడు మాత్రం అందరికంటే కింద మిగిలాడు. పద్ధతి చాలామందికి మేలు చేసి, కొందరిని పూర్తిగా వదిలేస్తుందా, లేక ఆ పిల్లవాడి కష్టానికి పద్ధతితో సంబంధమే లేదా? ఎనిమిది మంది జట్టు దీనికి జవాబు చెప్పలేదు. తర్వాతి ప్రయోగం ప్రణాళికలో ఆ ప్రశ్న ముందు రావాలి: ఒక్కో జట్టుకు 64 మంది, 15 మార్కుల లోపు వచ్చినవాళ్లు ఏ జట్టులో ఎంతమంది అన్న లెక్క వేరుగా, ఆ గీత 15 దగ్గరే గీస్తామని మార్కులు రాకముందే సంతకంతో సహా.